గొంతు మందు సీసాను వెనక్కి తిప్పి చదవండి

చలిగాలి మొదలవగానే మందుల షాపు కౌంటరు మీదికి కొత్త సీసాలు వస్తాయి. ముందువైపు తులసి ఆకులు, తేనె చుక్క, అల్లం కొమ్ము బొమ్మలు. కింద గొంతు నొప్పి, పొడి దగ్గు, కఫం దగ్గు, బొంగురు గొంతు అని నాలుగు బాధల పేర్లు. "అన్నా, గొంతు గరగరగా ఉంది. ఇంగ్లీషు మందు వద్దు, ఏదైనా ఆయుర్వేదం సిరప్ ఇవ్వు, సైడ్ ఎఫెక్ట్ ఉండకూడదు" అని అడిగితే, షాపతను బాగా అమ్ముడుపోయే సీసా తీసి ఇస్తాడు. కొన్నవాళ్లు దాన్ని వెనక్కి తిప్పి చూడరు. నిజానికి తెలుసుకోవాల్సిందంతా ఆ వెనకవైపు సన్న అక్షరాల్లోనే ఉంది.

ఆ అక్షరాలను ఎలా చదవాలో చెప్పడానికి ఒకే మూలికను పట్టుకుని వెళ్దాం. అది అతిమధురం. ఆయుర్వేదం దీన్నే యష్టిమధు అంటుంది. పచారీ కొట్లో పసుపుపచ్చ పుల్లల్లా దొరుకుతుంది, నమిలితే చక్కెరకన్నా తియ్యగా ఉంటుంది. పాట పాడేవాళ్లు, హరికథలు చెప్పేవాళ్లు, రోజంతా గొంతు చించుకునే టీచర్లు చిన్న ముక్క బుగ్గన పెట్టుకోవడం మనకు కొత్త కాదు. గొంతు కోసం అమ్మే మూలికా సిరప్‌లు, బిళ్లలు, స్ప్రేలలో చాలావాటిలో ఇది కనిపిస్తుంది. పైగా దీని మీద ఆసుపత్రుల్లో పద్ధతిగా చేసిన పరీక్షలూ ఉన్నాయి. మంచిచెడ్డలు రెండూ తెలిసిన మూలిక కాబట్టి లెక్క చూడటానికి వీలుగా ఉంటుంది.

మొదట ఆ పరీక్షల సంగతి. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు. మెలకువ వచ్చాక చాలామందికి గొంతు మంట, నొప్పి ఉంటాయి. దీనికి అతిమధురం పనికొస్తుందేమోనని 2009లో లక్నో డాక్టర్లు నలభై మంది రోగుల మీద చూశారు. ఫలితం బాగుంది. 2013లో వియన్నా డాక్టర్లు 236 మందితో ఇంకా పెద్ద పరీక్ష చేశారు. సగం మందికి అర గ్రాము అతిమధురం, మిగతా సగానికి అయిదు గ్రాముల చక్కెర, ఒక్కొక్కటి 30 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇచ్చారు. మత్తు ఇవ్వడానికి అయిదు నిమిషాల ముందు ఆ నీటిని ఒక నిమిషం పాటు పుక్కిలించమన్నారు. ఆపరేషన్ అయిన నాలుగు గంటలకు గొంతు నొప్పి ఉందన్నవాళ్లు చక్కెర నీళ్ల గుంపులో నూటికి 45 మంది, అతిమధురం గుంపులో నూటికి 21 మంది. సగానికి పైగా తగ్గింది. ఒక మూలికకు ఇంత స్పష్టమైన ఫలితం రావడం నాకైతే నిజంగా సంతోషం కలిగించే విషయం.

ఈ ఫలితాన్ని పట్టుకుని ఏదో ఒక కంపెనీ 'గొంతు నొప్పికి శాస్త్రీయంగా రుజువైన అతిమధురం' అని సీసా మీద అచ్చు వేయించిందనుకోండి. అది అబద్ధమా? మాటకు మాటగా చూస్తే కాదు. కానీ పరీక్షలో తేలినదాన్ని వివరంగా చూడండి. అక్కడి నొప్పి గొట్టం రాసుకోవడం వల్ల వచ్చింది, జలుబు వైరస్ వల్ల వచ్చింది కాదు. మందును పుక్కిలించారు, మింగలేదు. నొప్పి పుట్టకముందే వాడారు. మోతాదు అర గ్రాము, అది గొంతుకు నిమిషం సేపు తగిలింది. సీసాలో ఉన్నదేమో మూడు రోజులుగా ఉన్న జలుబు గొంతుకు, రెండు క్షణాల్లో మింగేసే చెంచాడు పాకం. రెండింటికీ మూలిక పేరు ఒక్కటే, మిగతాదేదీ ఒకటి కాదు.

కాబట్టి 'రుజువైంది' అనే మాట ఎక్కడ కనిపించినా అడగాల్సింది ఇది: ఏ రకం గొంతు బాధకు, ఎంత మోతాదులో, ఏ పద్ధతిలో వాడితే పనిచేసింది? నా చేతిలో ఉన్నది ఆ మోతాదేనా, ఆ పద్ధతేనా? ఈ ఒక్క ప్రశ్న దగ్గరే చాలా సీసాలు ఆగిపోతాయి.

ఇప్పుడు సీసా వెనకవైపుకు వద్దాం. ఏ కంపెనీదీ కాకుండా, బజారులో మామూలుగా కనిపించే తరహా లేబుల్ ఒకటి ఊహించుకుందాం. 'ప్రతి 10 మి.లీ.లో: తులసి సారం 100 మి.గ్రా., అడ్డసరం సారం 100 మి.గ్రా., అతిమధురం సారం 50 మి.గ్రా., పిప్పలి 20 మి.గ్రా., శొంఠి 20 మి.గ్రా., మెంథాల్ 5 మి.గ్రా., చక్కెర పాకం తగినంత. పెద్దలకు రోజుకు మూడుసార్లు 10 మి.లీ. చొప్పున.' అంటే రోజుకు అందే అతిమధురం సారం 150 మిల్లీగ్రాములు. భారత ఆయుర్వేద ఫార్మకోపియా యష్టిమధు చూర్ణానికి చెప్పే మోతాదు 2 నుంచి 4 గ్రాములు. సారం అంటే పొడి కన్నా చిక్కనిదే, ఒప్పుకుందాం. పది పాళ్ల వేరు నుంచి ఒక పాలు సారం తీసి ఉంటే 150 మిల్లీగ్రాములు గ్రామున్నర వేరుకు సమానం. గ్రంథం చెప్పిన మోతాదుకు కాస్త దగ్గరగా వచ్చినట్టే. అయిదు పాళ్లకు ఒక పాలు తీస్తే ముప్పావు గ్రాము. ఏ నిష్పత్తిలో తీశారో లేబుల్ మీద రాయకపోతే ఈ లెక్క ఎవరూ కట్టలేరు. ఇక 'సారం' అన్న మాటే లేకుండా ఉత్త పొడి పేరు, 50 మిల్లీగ్రాముల అంకె మాత్రమే ఉంటే, రోజు మొత్తానికి అందేది గ్రంథం చెప్పిన కనీస మోతాదులో పదోవంతు కూడా కాదు. అలాంటప్పుడు ఆ మూలిక పేరుకే ఉన్నట్టు.

"ఒక్కో మూలికను విడిగా చూడకూడదు, అన్నీ కలిసి పనిచేస్తాయి" అని వైద్యులు, తయారీదారులు అంటారు. ఆ మాటను కొట్టిపారేయనక్కర్లేదు. ఆయుర్వేదంలో యోగం అన్నదే అలా పుట్టింది. సితోపలాది చూర్ణమే చూడండి. పటికబెల్లం పదహారు పాళ్లు, వంశలోచనం ఎనిమిది, పిప్పళ్లు నాలుగు, ఏలకులు రెండు, దాల్చినచెక్క ఒకటి. ఏది ఎంతో గ్రంథం కట్టడి చేసి చెప్పింది, ఎవరు చేసినా అదే పాళ్లలో చేయాలి. దగ్గుకు తరతరాలుగా వాడిన అనుభవం ఆ పాళ్లకే చెందుతుంది. కంపెనీ తన సొంతంగా పదిహేను మూలికలను తనకు నచ్చిన పాళ్లలో కలిపి, 'వేల ఏళ్ల ఆయుర్వేద జ్ఞానం' అని రాసుకుంటే ఆ అనుభవం దానికి వర్తించదు. ఆ కలయికను వేల ఏళ్లుగా ఎవరూ వాడలేదు.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం, షెడ్యూల్‌లో పేర్కొన్న ప్రామాణిక గ్రంథాల్లోని యోగాన్ని యథాతథంగా చేస్తే అది శాస్త్రోక్త ఔషధం. అవే గ్రంథాల్లోని మూలికలను సొంత పాళ్లలో కలిపితే అది ప్రొప్రయిటరీ ఔషధం, అంటే కంపెనీ సొంత యోగం. మొదటి రకం సీసా మీద గ్రంథం పేరు ఉంటుంది. రెండో రకం మీద 'ఆయుర్వేదిక్ ప్రొప్రయిటరీ మెడిసిన్' అని ఉంటుంది. గొంతు సిరప్‌లు, స్ప్రేలలో ఎక్కువ ఈ రెండో రకమే. అది తప్పేమీ కాదు. కానీ 'ఈ కలయిక మీద మీరు ఏం పరీక్ష చేశారు?' అని కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడిగే హక్కు మనకుంది. 'మా ఉత్పత్తి జీఎంపీ సర్టిఫైడ్' అని జవాబొస్తే, అది అడిగినదానికి జవాబు కాదు. జీఎంపీ చెప్పేది తయారీలో శుభ్రత, పద్ధతి గురించే. దగ్గు తగ్గుతుందా లేదా అన్నది దాని పని కాదు.

'ఆయుష్ ఆమోదం పొందినది' అన్న ప్రచారమూ అంతే. ఆయుర్వేద మందుల తయారీకి లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి. తాము ఏ కంపెనీనీ, ఏ మందునూ ధ్రువీకరించడం లేదని కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖే బహిరంగంగా ప్రకటించింది. సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నాయా అన్నది ముందు చూడండి. లైసెన్సు నంబరు బదులు పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు మాత్రమే ఉంటే చట్టం దృష్టిలో అది మందు కాదు, ఆహార పదార్థం. తేనె బిళ్లలు, 'ఇమ్యూనిటీ' పానకాలు చాలావరకు ఈ కోవలోవే. ఆహారంగా అమ్మేదాని మీద జబ్బు నయం చేస్తుందని రాయకూడదు. రాశారంటే ఆ సీసాను అరలో పెట్టేయడమే మంచిది.

హాని లేకపోవడం వేరు, పనిచేయడం వేరు. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనా మందు కోసం జనం బారులు తీరినప్పుడు ఈ తేడా మన కళ్ల ముందే నలిగిపోయింది. ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక చూశాక కంటి చుక్కలు తప్ప మిగతా మందు పంపిణీకి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. దాన్ని చాలామంది 'మందు పనిచేస్తుందని తేలింది' అని అర్థం చేసుకున్నారు. ఆ అనుమతిలో కరోనా నయమవుతుందన్న నిర్ధారణ ఏదీ లేదు.

మరి 'మా ఇంట్లో అందరికీ పనిచేసింది' అనేవాళ్ల మాట? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. జబ్బు నడిచే తీరే అలాంటిది. గొంతు నొప్పికి యాంటీబయాటిక్స్ వాడిన, వాడని వాళ్లను పోల్చిన పరీక్షలన్నిటినీ కలిపి చూస్తే, వాడనివాళ్లలోనూ నూటికి 82 మందికి వారం తిరిగేసరికి నొప్పి పోయింది. సోమవారం గొంతు పట్టేసింది అనుకుందాం. రెండు రోజులు ఉప్పునీళ్లు పుక్కిలించి చూస్తాం. గురువారానికి నొప్పి బాగా ముదురుతుంది, అప్పుడు సీసా కొంటాం. శనివారానికి తేలిక పడుతుంది. ఆ ఘనత సీసా ఖాతాలో పడుతుంది, అది లేకపోయినా శనివారం ఎలాగూ వచ్చేదే. దగ్గు విషయంలో ఇది తిరగబడుతుంది. అమెరికాలో 2013లో వచ్చిన అధ్యయనం ప్రకారం జనం దగ్గు వారం, తొమ్మిది రోజుల్లో పోతుందనుకుంటారు. నిజానికి సగటున పద్దెనిమిది రోజులు పడుతుంది. ఆ నడిమి పది రోజుల ఆత్రంలోనే ఒకదాని తర్వాత ఒకటిగా సీసాలు మారుస్తాం, ఆఖరున వాడినదాన్ని మెచ్చుకుంటాం.

ఈ కారణంగానే మంచి పరీక్షలో మందు లేని గుంపు ఒకటి ఉండాలి. స్విట్జర్లాండ్‌లో 2009లో ఎకినేసియా, సేజ్ అనే మూలికల స్ప్రేను 154 మంది గొంతు నొప్పి రోగుల మీద పరీక్షించారు. పోలిక కోసం మందుల షాపుల్లో దొరికే క్లోర్‌హెక్సిడిన్, లిడోకేయిన్ స్ప్రే పెట్టుకున్నారు. మూడు రోజుల్లో మెరుగుపడినవాళ్లు మూలికల గుంపులో నూటికి 64, రెండో గుంపులో 58. రెండూ దాదాపు సమానమే. కానీ ఉత్త నీళ్ల స్ప్రే గుంపు లేదు కాబట్టి, ఆ 64లో మందు వాటా ఎంత, కాలం వాటా ఎంత అన్నది తేలదు.

స్ప్రేల గురించి ఇంకో మాట. నోట్లో కొట్టిన మందు అంగిలి, టాన్సిళ్లు, గొంతు వెనక గోడ మీద పడుతుంది. కొన్ని క్షణాల్లో లాలాజలంతో కలిసి కడుపులోకి పోతుంది. స్వరతంత్రులు ఉండేది శ్వాసమార్గంలో. మింగేటప్పుడు ఆ దారి మూసుకుంటుంది. అందుచేత మింగే సిరప్ గానీ, బుగ్గన పెట్టిన బిళ్ల గానీ స్వరతంత్రులను తాకదు. 'గాయకుల కోసం, స్వరం విప్పారడానికి' అని అమ్మే సిరప్‌లను కొనే ముందు ఇది గుర్తుంచుకోవాలి. చప్పరిస్తే నోరు ఊరుతుంది, గరగర తగ్గి హాయిగా ఉంటుంది, దానికి విలువ ఉంది. మెంథాల్ కూడా అంతే. చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, చల్లగా అనిపిస్తుంది. వాపు తగ్గడం వేరే సంగతి. పసిపిల్లల ముక్కు, నోటి దగ్గర మెంథాల్, కర్పూరం వాడితే ఊపిరి పట్టేసే ప్రమాదం ఉంది కాబట్టి వాళ్లకు అసలే వద్దు.

సీసా కన్నా చవకైనది, సీసా కన్నా గట్టి ఆధారం ఉన్నది మన వంటింట్లోనే ఉంది. పిల్లల దగ్గుకు తేనె మీద చేసిన పరీక్షలను కలిపి చూస్తే, ఏ మందూ ఇవ్వకపోవడం కన్నా తేనె మేలని తేలింది. 105 మంది పిల్లలతో అమెరికాలో చేసిన 2007 నాటి పరీక్షలో పడుకునే ముందు ఒక్కసారి ఇచ్చారు: రెండు నుంచి అయిదేళ్ల వాళ్లకు అర టీస్పూను, పదకొండేళ్ల వరకు ఒక టీస్పూను, ఆ పైవాళ్లకు రెండు. రాత్రి దగ్గు తగ్గి పిల్లలూ, తల్లిదండ్రులూ నిద్రపోయారు. తేనె బొమ్మ ఉన్న సిరప్‌లో తేనె ఎంతుందో చూసి ఈ మోతాదుతో పోల్చండి, ఏది కొనాలో తెలిసిపోతుంది. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె నాలుకకు రాయడం కూడా వద్దు. అందులో ఉండగల బొట్యులిజం క్రిమి పసికందు పేగుల్లో విషం పుట్టిస్తుంది.

ఇక 'సైడ్ ఎఫెక్ట్ లేదు' అన్న మాట. మళ్లీ అతిమధురం దగ్గరికే వద్దాం. దాని తీపికి కారణమైన గ్లిసరైజిన్ శరీరంలో ఉప్పును నిలిపేసి పొటాషియంను బయటికి పంపేలా చేస్తుంది. ఎక్కువ మోతాదులో వారాల తరబడి వాడితే రక్తపోటు పెరుగుతుంది, కాళ్లు వాస్తాయి, కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పవచ్చు. ఐరోపా నిపుణులు రోజూ తీసుకునేవాళ్లకు గ్లిసరైజిన్ 100 మిల్లీగ్రాములు దాటవద్దన్నారు. వేరులో అది నూటికి నాలుగు పాళ్లు ఉందనుకుంటే, మూడు గ్రాముల పొడితోనే 120 మిల్లీగ్రాములు అవుతుంది. నాలుగైదు రోజులు వాడే సిరప్‌తో భయపడాల్సిన పని లేదు. కానీ బీపీ మందులు, నీరు పోయే బిళ్లలు, గుండెకు డిగాక్సిన్ వాడే పెద్దాయన రోజూ కషాయంలో అతిమధురం వేసుకుంటూ, పైన సిరప్, మధ్యలో బిళ్లలు చప్పరిస్తే లెక్క మారిపోతుంది. పనిచేసే మూలికకు దుష్ఫలితమూ ఉంటుంది. ఏ హానీ చేయలేనంత తక్కువ వేస్తే మేలు కూడా చేయదు.

అదే లేబుల్‌లోని అడ్డసరం సంగతీ అంతే. దానిలోని వాసిసిన్ నుంచే డాక్టర్లు కఫానికి రాసే బ్రోమ్‌హెక్సిన్ పుట్టింది. అదే వాసిసిన్ గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది కాబట్టి గర్భిణులు అడ్డసరం ఉన్న మందులు డాక్టరును అడగకుండా తాగకూడదు. చక్కెర రోగులు 'తగినంత' అన్న మాట దగ్గర ఆగాలి. గట్టి పాకమైతే 10 మిల్లీలీటర్లలో ఆరేడు గ్రాముల చక్కెర ఉండొచ్చు. మూడు పూటలకు ఇరవై గ్రాములు, అంటే నాలుగు చెంచాలు. పైన చెప్పిన సితోపలాదిలోనూ సగానికి పైగా పటికబెల్లమే.

'వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడాలి' అన్న హెచ్చరిక లేబుల్ మీద కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. వసనాభి వంటి విష మూలికలు ఉన్న మందు మీద ఆ మాట ఇంగ్లీషులో, హిందీలో వేయాలని నిబంధన. జలుబు జ్వరాలకు వాడే కొన్ని 'రస' మాత్రల్లో వసనాభి ఉంటుంది. శుద్ధి చేసి, సరైన మోతాదులో వైద్యుడు ఇచ్చేవి అవి. కౌంటరు మీద అడిగి కొనేవి కావు.

అన్నిటికన్నా నాకు ఎక్కువ భయం వేసేది లేబులే లేని పొట్లాలు. సంతలో, బస్టాండు దగ్గర, 'పరంపరాగత వైద్యం' పేరుతో ఇచ్చే దగ్గు, ఆయాసం పొడులు. ఇలాంటివాటిలో స్టెరాయిడ్లు కలిపి అమ్మిన ఉదంతాలు ఎన్నోసార్లు బయటపడ్డాయి. గుర్తుపట్టే తీరు ఒకటుంది. ఏళ్లనాటి దగ్గు, ఆయాసం ఒక్కరోజులో మాయమవుతాయి. ఆకలి విపరీతంగా పెరుగుతుంది. కొన్ని వారాల్లో ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది. మానేస్తే బాధ ముందుకన్నా ఎక్కువగా తిరగబెడుతుంది. అంత వేగంగా పనిచేసిందంటే మెచ్చుకోవద్దు, అనుమానించండి. చాలాకాలంగా వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపేయకుండా డాక్టరుకు చూపించాలి, స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానడమూ ప్రమాదమే.

అసలు ఏ సిరప్పూ కొనకూడని గొంతు నొప్పులు కొన్నున్నాయి. స్కూలు వయసు పిల్లలకు గట్టి జ్వరం, టాన్సిళ్ల మీద తెల్ల మచ్చలు, దవడ కింద నొప్పి గడ్డలు ఉండి, జలుబు, దగ్గు లేకపోతే అది స్ట్రెప్టోకాకస్ కావచ్చు. దానికి సరైన యాంటీబయాటిక్ పూర్తిగా వాడకపోతే కొందరిలో కీళ్లవాతం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. మన దేశంలో ఇది ఇంకా పోలేదు. ఊపిరి ఆడకపోవడం, ఉమ్మి కూడా మింగలేక చొంగ కారడం, నోరు తెరవలేకపోవడం, గొంతులో బూడిదరంగు పొర కనిపించడం, వీటిలో ఏది ఉన్నా అప్పటికప్పుడు ఆసుపత్రికే. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష, మూడు వారాలు దాటిన బొంగురు గొంతుకు ఈఎన్‌టీ పరీక్ష చేయించాలి. చుట్ట, బీడీ, గుట్కా అలవాటున్నవాళ్లు ఇంకా ముందే వెళ్లాలి.

చిన్నపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. 2025లో మధ్యప్రదేశ్‌లోని చింద్వాడా జిల్లాలో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయారు. అది మూలికల మందు కాదు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష ద్రావకం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. సిరప్‌ల తయారీలో వాడే గ్లిజరిన్, సార్బిటాల్ వంటి వాటితో ఇలాంటి కల్తీ లోపలికి వస్తుంది. అవే గ్లిజరిన్, సార్బిటాల్ మూలికా సిరప్‌లలోనూ వాడతారు కాబట్టి 'ఆయుర్వేదం' అన్న మాట ఆ ప్రమాదానికి అడ్డు కాదు. అయిదేళ్లలోపు పిల్లలకు దగ్గు మందులు సాధారణంగా వద్దని, రెండేళ్లలోపు వాళ్లకు రాయనే కూడదని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ తర్వాత సూచించింది. సిరప్ తాగిన బిడ్డ మూత్రం పోయడం తగ్గినా, వాంతులు చేసుకుంటూ మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ సీసాను, మిగిలిన మందుతో సహా వెంట తీసుకెళ్లండి. డాక్టరుకు కావాల్సింది దాని మీదున్న బ్యాచ్ నంబరు. మందు వికటించిందని ఫిర్యాదు చేయడానికి జాతీయ ఫార్మకోవిజిలెన్స్ టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. అక్కడా బ్యాచ్ నంబరు అవసరమవుతుంది, అందుకే సీసా ఖాళీ అయినా, బాధ పూర్తిగా తగ్గేవరకు దాన్నీ, బిల్లునూ ఇంట్లోనే ఉంచండి.